"సురేష్ గారు కట్టేశారు" : ఒక్క కామా లేక మా చిట్టీ పుస్తకం తప్పైంది

పద్మజ కాకినాడ

అందరికీ నమస్కారం అండి. మా వీధిలో 20 మందిమి కలిసి ఒక చిట్టీ వేసుకున్నాం, మనిషికి నెలకి 5000, పుస్తకం రాసేది నేనే. డబ్బులు వసూలు చేసేది మా పక్కింటి పిన్నిగారు. మొన్న గ్రూపులో సురేష్ గారు "కిరణ్ గారు ఈ నెల కట్టారా?" అని అడిగారు, ఆయనకి కిరణ్ గారితో ఏదో లెక్క ఉంది లెండి. మధ్యాహ్నం పిన్నిగారు జవాబు పెట్టారు, ఉన్నది ఉన్నట్టు ఇదే:

"సురేష్ గారు కట్టేశారు"

నేను రాత్రి పదింటికి వంటిల్లు సర్దుకుని ఫోన్ తీసి మెసేజ్‌లు చూసుకుంటూ సురేష్ గారి పేరు దగ్గర టిక్ పెట్టేశాను. పిన్నిగారు చెప్పింది ఏంటంటే "ఓ సురేష్ గారూ, మీరు అడిగిన కిరణ్ గారు కట్టేశారు" అని. అంటే కట్టినాయన పేరు దగ్గర ఖాళీ, కట్టనాయన పేరు దగ్గర టిక్. టిక్‌లు లెక్కపెడితే 19, పిన్నిగారి దగ్గర డబ్బు 95,000, రెండూ సరిపోయాయి కాబట్టి నాకు అనుమానమే రాలేదు. నాలుగు రోజుల తర్వాత కిరణ్ గారికి "మీది రావాలండి" అని పెట్టాను. ఆయన చాలా బాధపడ్డారు, అందరి ముందూ అడిగానని. నాకు ఆ రోజు అన్నం సహించలేదు.

పిన్నిగారు ఏమో "నేను సరిగ్గానే రాశాను, నువ్వు తప్పు చదివావు" అంటారు. నేనేమో అక్కడ కామా ఉండాలి అంటాను. ఇంతకీ తెలుగులో మనిషిని పిలిచాక కామా పెట్టాలని రూల్ ఉందా లేదా? తెలిసినవాళ్ళు చెప్పండి.

మాధవి టీచర్

పద్మజగారూ! సంబోధనకి కామా కాదండి, ఆశ్చర్యార్థకం పెట్టాలి. మేం పిల్లలకి అదే చెప్తాం. "ఓ రామా!", "ఓయీ మిత్రమా!" ఇలా. ఎనిమిది విభక్తుల్లో సంబోధనా ప్రథమా విభక్తి ఉంది కదా, ఓ, ఓయీ, ఓరీ, ఓసీ అని, వాటితో పిలిస్తే అసలు తికమక రానే రాదు. కామా అనేది ఇంగ్లీషు పద్ధతి, తెలుగుకి అవసరం లేదు, పెడితే తప్పు కూడా.

నరసింగ్ రావ్ 58

5000 అని రాస్తే ఎట్లా, 5,000 అని మధ్యల కామా పెట్టాలె. లక్షకి 1,00,000, రెండు కామాలు. నా బ్యాంకు సర్వీసుల ఎప్పుడు చూసినా ఇక్కడనే మిస్టేక్‌లు వస్తుండె.

పద్మజ కాకినాడ

నరసింగ్ రావు గారూ, నేను అడిగింది అంకెల మధ్య కామా కాదండి, పేరు తర్వాత కామా గురించి :)

మాధవిగారూ, థాంక్స్. కానీ గ్రూపులో "ఓయీ సురేష్ గారూ" అని పిన్నిగారు ఎలా రాస్తారండీ, ఎవరూ అలా మాట్లాడం కదా.

పాత ప్రూఫురీడరు

చాలా ఏళ్ళు అచ్చు కాగితాల మీద ఎర్ర సిరాతో దిద్దుకుంటూ బతికినవాణ్ణి, ఇలాంటివి కనపడితే ఊరుకోలేను, కాస్త పెద్దగానే రాస్తాను.

ఇందులో మొదటి తప్పు కామాది కాదమ్మా, దీర్ఘానిది. మన భాషలో పిలుపుకి గుర్తు పేరు చివర్లోనే ఉంటుంది. అమ్మ అంటే ఆవిడ గురించి చెప్పడం, అమ్మా అంటే పిలవడం. రవి, రవీ. తమ్ముడు, తమ్ముడూ. పిల్లలు, పిల్లలారా. గారు, గారూ. మీ పిన్నిగారు నోటితో చెప్తే కచ్చితంగా "సురేష్ గారూ" అనే అనుంటారు, ఫోన్‌లో టైప్ చేసేటప్పుడు ఆ దీర్ఘం జారిపోయింది. "సురేష్ గారూ కట్టేశారు" అని కామా లేకుండా ఉన్నా మీరు ఒక్క క్షణం ఆగేవారు.

అయినా "గారూ" అని దీర్ఘం ఒక్కటే ఉంటే సరిపోతుందా అంటే, సరిపోదు. ఎందుకంటే దీర్ఘానికి ఇంకో పని కూడా ఉంది. "సురేష్ గారూ కట్టేశారు" అంటే సురేష్ గారు కూడా కట్టేశారు అని కూడా చదవొచ్చు. నేనూ వస్తా, నువ్వూ రా, అన్నట్టు. అందుకని దీర్ఘమూ ఉండాలి, కామా కూడా ఉండాలి: "సురేష్ గారూ, కట్టేశారు."

ఇక అసలు చిక్కు ఎక్కడ పుట్టిందో చూడండి. తెలుగులో కర్తని వదిలేయడం మనకి అలవాటు, తిన్నావా, వచ్చాడు, కట్టేశారు, ఇవన్నీ నిండు వాక్యాలే, ఎవరు అన్నది ముందు మాటల్లోంచి తెలిసిపోతుంది. మీ పిన్నిగారి వాక్యంలో కర్త కిరణ్ గారు, ఆయన పైన ప్రశ్నలో ఉన్నారు, జవాబులో లేరు. కర్త సీటు ఖాళీగా ఉన్నప్పుడు దాని ముందు ఏ పేరు ఉంటే చదివేవాడి కన్ను ఆ పేరునే అక్కడ కూర్చోబెట్టేస్తుంది. పైగా "కట్టేశారు" అనే క్రియ సురేష్ గారికీ సరిపోతుంది, కిరణ్ గారికీ సరిపోతుంది. అదే "సురేష్ గారు కట్టేసింది" అని ఉంటే అతకడం లేదని మీకే తట్టేది.

సిద్దిపేట సత్తి

దీర్ఘం సంగతి బాగ చెప్పిన్రు సార్. కానీ సురేష్, కిరణ్, మహేష్, ఈ పొల్లు పేర్లు ఉన్నయి గదా, వీటికి దీర్ఘం ఏడ పెడ్తం? మా దోస్తుల గ్రూపుల గారు గీరు ఏం ఉండదు, "మహేష్ వచ్చిండు" అని పెడ్తడు ఒకడు. మహేష్ వచ్చిండా, మహేష్‌కి చెప్తున్నడా ఇంకెవడో వచ్చిండని, సమజ్ గాదు. మల్ల ఫోన్ జేసుడే.

మా అమ్మ అయితే "మహేషూ" అని పిలుస్తది.

పాత ప్రూఫురీడరు

సత్తి గారూ, సరైన చోట వేలు పెట్టారు. పాతకాలం పేర్లన్నీ అచ్చుతో ముగిసేవి, రామయ్య, సుబ్బమ్మ, వెంకటేశు, నరసింహులు, వీటి చివర సాగదీస్తే చాలు పిలుపైపోయేది. సురేష్, కిరణ్, ప్రవీణ్ లాంటి పొల్లు పేర్లకి సాగదీయడానికి అచ్చు లేదు. మీ అమ్మగారు చేసినట్టు "మహేషూ" అని ఒక ఉకారం తగిలించి సాగదీయడం మన నోటికి అలవాటే, చక్కని తెలుగు పద్ధతి. కానీ అది ఇంట్లో పిలుపు, చనువున్న పిలుపు. ఆఫీసులో మేనేజరుకి "ప్రవీణూ" అని రాయలేం కదా.

కాబట్టి నేను చూసినంతలో తెలుగులో సంబోధన తర్వాత కామా తప్పనిసరి అయ్యేది ఇక్కడే. అచ్చుతో ముగిసే పేరుకి దీర్ఘం సగం పని చేసేస్తుంది, కామా దానికి తోడు. పొల్లు పేరుకి కామా ఒక్కటే దిక్కు. "మహేష్ వచ్చాడు", "మహేష్, వచ్చాడు" ఈ రెండింటికీ తేడా ఆ ఒక్క గీతే. సార్, మేడమ్, డాక్టర్ కూడా అంతే. "సార్ రేపు రారు" అంటే సారు రారని, "సార్, రేపు రారు" అంటే సారుకి చెప్తున్నాం ఇంకెవరో రారని.

మాధవి టీచర్

దీర్ఘం మాట ఒప్పుకుంటున్నాను. కానీ ప్రతి పిలుపుకీ కామా అంటే మరి "చెప్పమ్మా", "రావయ్యా", "ఏంట్రా" వీటికి ఎక్కడ పెడతారు? "చెప్పు, అమ్మా" అని విడగొడతారా? అందుకే అన్నాను మన భాషకి అది అతకదని.

పాత ప్రూఫురీడరు

మంచి ప్రశ్న మేడమ్. అక్కడ పెట్టకూడదు, పెట్టలేం కూడా. చెప్పు అమ్మా కలిసి "చెప్పమ్మా" అయ్యాక అది ఒకే మాట, సంధి జరిగిన చోట ఆపు ఉండదు, ఆపు లేని చోట కామా ఉండదు. అవునండి, లేదురా, కూర్చోవే, అన్నీ అంతే. పైగా "చెప్పమ్మా" అన్నప్పుడు అవతల అమ్మ ఉండక్కర్లేదు, ఆరేళ్ళ మనవరాలు కూడా ఉండొచ్చు, అది పేరు పెట్టి పిలవడం కాదు, మాటకి పూసిన ఆప్యాయత.

కానీ దాని తర్వాత పేరు విడిగా వస్తే మాత్రం కామా వస్తుంది. "చెప్పమ్మా, లక్ష్మీ." "లేదురా, సురేష్, నేను రాలేను." మధ్యలో వచ్చిన పేరుకి రెండు పక్కలా పెట్టాలి. ఒక పక్క పెట్టి రెండో పక్క వదిలేసినవి నేను దిద్దినన్ని ఇంకేమీ దిద్దలేదేమో. "లేదురా, సురేష్ నేను రాలేను" అని వదిలేస్తే సురేషూ నేనూ కలిసి రాలేమన్నట్టు కూడా అనిపిస్తుంది.

పద్మజ కాకినాడ

చాలా బాగా అర్థమైందండి. ఇది పిన్నిగారికి చూపించాను, "నేను నోటితో గారూ అనే అన్నాను" అని ఒప్పుకున్నారు.

కానీ ఇంకో అనుమానం. ఆవిడ ఇంకాస్త వివరంగా రాద్దామని "సురేష్ గారు, కిరణ్ గారు కట్టేశారు" అని కామా పెట్టి రాసి ఉంటే? నేను అప్పుడు ఇద్దరికీ టిక్ పెట్టేదాన్ని!

పాత ప్రూఫురీడరు

అమ్మా, కామాకి చేతకాని చోటు అదే. కామా రెండు ఉద్యోగాలు చేస్తోంది, పిలుపుని విడదీయడం ఒకటి, పేర్ల జాబితాలో పేరుకీ పేరుకీ మధ్య నిలబడటం ఇంకొకటి. పేరు తర్వాత వెంటనే ఇంకో పేరు వస్తే ఏ ఉద్యోగంలో ఉందో కనిపించదు. క్రియ కూడా సాయం చేయదు, గౌరవంగా ఒక్కరికైనా కట్టేశారే, ఇద్దరికైనా కట్టేశారే.

అమ్మ నాన్న మీద చూపిస్తాను, ఇదైతే అందరికీ అనుభవమే.

"అమ్మా, నాన్న వచ్చారు" అంటే అమ్మని పిలిచి నాన్న వచ్చిన సంగతి చెప్పడం. మొదటిదానికే దీర్ఘం.

"అమ్మా నాన్నా వచ్చారు" అంటే ఇద్దరూ వచ్చారు. రెండింటికీ దీర్ఘం.

"అమ్మ, నాన్న వచ్చారు" అంటే కూడా ఇద్దరూ వచ్చారు. దేనికీ దీర్ఘం లేదు, కామా ఉంది.

అమ్మని పిలుస్తూ దీర్ఘం మర్చిపోయి కామా మాత్రం పెట్టినవాడు మూడో వాక్యం రాసేసినట్టే. ఆ కామా అతన్ని కాపాడదు.

ఇలాంటి చోట మాధవి మేడమ్ చెప్పిన గుర్తే నయం. "సురేష్ గారూ! కిరణ్ గారు కట్టేశారు." జాబితాలో ఎవరూ ఆశ్చర్యార్థకం పెట్టరు కాబట్టి అది పిలుపే అని తేలిపోతుంది. మేడమ్ మొదట చెప్పింది పనికిరాదని నేను అనను, మన పుస్తకాల్లో అది ఎప్పటినుంచో ఉన్న పద్ధతే. కాకపోతే ఫోన్‌లో ప్రతి పేరుకీ పెడితే గద్దిస్తున్నట్టు ఉంటుంది, అదొక్కటే ఇబ్బంది. అది వద్దనుకుంటే పిలుపుని వాక్యం చివరికి పంపేయండి: "కిరణ్ గారు కట్టేశారు, సురేష్ గారూ." అప్పుడు రెండు పేర్ల మధ్య క్రియ అడ్డంగా ఉంటుంది, జాబితా అవ్వడానికి వీల్లేదు.

దస్తావేజు లేఖరి (గుంటూరు జిల్లా)

ఇక్కడ పిలుపుల సంగతి నడుస్తోంది, నాది పిలుపు కాదు కానీ ఆ కామా గొడవే, అందుకని రాస్తున్నా. నేను రిజిస్ట్రేషన్ కాగితాలు రాస్తాను. మా దగ్గర ఒకే మనిషిని రెండు మూడు రకాలుగా చెప్పాలి, పేరు, తండ్రి పేరు, ఊరు, వృత్తి. కొత్తగా చేరిన కుర్రాడు ఒకడు సాక్షుల్ని ఇలా టైప్ చేశాడు:

"సాక్షులు: రామయ్య, కోటయ్య కొడుకు, సుబ్బయ్య"

ఇది చదివి చెప్పండి ఎంతమంది సాక్షులో. నేను ముగ్గురిని కూర్చోబెట్టి చదివిస్తే మూడు రకాలుగా చెప్పారు. ఒకడు రామయ్య కోటయ్య కొడుకు, సుబ్బయ్య వేరే అన్నాడు. ఇంకొకడు రామయ్య వేరే, కోటయ్య కొడుకు సుబ్బయ్య అన్నాడు. మూడోవాడు ముగ్గురు మనుషులు, మధ్యలో వాడి పేరు రాయడం మర్చిపోయారు అన్నాడు. పొలం కాగితంలో ఇట్టాంటిది ఉంటే ఇరవై ఏళ్ళ తర్వాత వాళ్ళ పిల్లలు కొట్టుకుంటారు. ఆ షీటు పక్కన పడేయించి మళ్ళీ టైప్ చేయించా.

నేను ఎప్పుడూ చెప్పేది తండ్రి పేరు ముందు, మనిషి పేరు తర్వాత, మధ్యలో కామా వద్దు. "కోటయ్య కొడుకు రామయ్య, సుబ్బయ్య". ఇది కరెక్టేనా పెద్దాయనా?

పాత ప్రూఫురీడరు

నూటికి నూరుపాళ్ళు కరెక్టు, ఇది పక్కదారి కూడా కాదు. పిలుపులో కామా పెట్టకపోతే ఇబ్బంది. ఒకే మనిషికి రెండు గుర్తింపులు పక్కపక్కన చెప్పే చోట కామా పెడితే ఇబ్బంది.

తెలుగులో బిరుదు, హోదా, చుట్టరికం అన్నీ పేరుకి ముందు కూర్చుంటాయి. మా అన్నయ్య రవి. సర్పంచ్ లక్ష్మి. హెడ్మాస్టరు శ్రీనివాస్. తెలంగాణ రాజధాని హైదరాబాద్. మధ్యలో ఊపిరి తీసుకోకుండా ఒకే దమ్ములో చదువుతాం, అందుకని కామా ఉండదు. కామా పెట్టిన మరుక్షణం ఒక మనిషి ఇద్దరవుతాడు. ఒక బడి వార్షికోత్సవం కరపత్రం దిద్దడానికి నా దగ్గరికి వచ్చింది, "ముఖ్య అతిథులు: సర్పంచ్, లక్ష్మి, ఎంఈఓ, ప్రసాద్, హెడ్మాస్టరు, శ్రీనివాస్" అని ఉంది. వచ్చేది ముగ్గురు, కాగితం మీద ఆరుగురు. శాలువాలు కొనేవాడు ఈ కాగితం చూసుకుని వెళ్తే ఆరు తెస్తాడు. మూడు కామాలు తీసేశాను: "సర్పంచ్ లక్ష్మి, ఎంఈఓ ప్రసాద్, హెడ్మాస్టరు శ్రీనివాస్." మిగిలిన రెండు కామాలూ మనిషికీ మనిషికీ మధ్య ఉన్నవి, అవి ఉండాలి.

లేఖరి గారి వాక్యంలో ఒక చిన్న సంగతి. "కోటయ్య కొడుకు రామయ్య, సుబ్బయ్య" అన్నప్పుడు కొడుకు అన్న ఏకవచనం రామయ్యకే అంటుకుంటుంది, సుబ్బయ్య వేరే ఇంటివాడు. ఇద్దరూ కోటయ్య పిల్లలే అయితే "కోటయ్య కొడుకులు రామయ్య, సుబ్బయ్య". అక్షరం ఒక్కటి మారితే సుబ్బయ్య తండ్రి మారిపోతాడు. అయినా దస్తావేజు కాబట్టి ఒక్కో సాక్షిని ఒక్కో లైనులో 1, 2 అని అంకె వేసి రాయడమే క్షేమం, అక్కడ నా కామాల మీద ఆధారపడమని చెప్పను.

దస్తావేజు లేఖరి (గుంటూరు జిల్లా)

అంకెలు వేస్తాం అండి, పార్టీలకి ఎప్పుడూ వేస్తాం. సాక్షుల దగ్గరే బద్ధకించాడు వాడు. ఇక మీదట అక్కడా వేయిస్తా.

డాలస్ శిరీష

హాయ్ అందరికీ, నేను ఇక్కడ ఇంగ్లీషు వీడియోలకి తెలుగు సబ్‌టైటిల్స్ చేస్తుంటాను. ఇంగ్లీషులో ఒక సౌకర్యం ఉంది. నా తమ్ముడు కామా రవి కామా వచ్చాడు అని రెండు కామాల మధ్య పేరు పెడితే నాకు తమ్ముడు ఒక్కడే అని, కామాలు లేకుండా రాస్తే చాలామంది తమ్ముళ్ళలో రవి అనేవాడు అని అర్థం. నేను తెలుగులో కూడా "నా తమ్ముడు, రవి, వచ్చాడు" అని పెట్టేస్తున్నాను. చూసినవాళ్ళు చదవడానికి ఎగుడుదిగుడుగా ఉంది అంటున్నారు. ఇప్పుడు పైన చదివాక ఇద్దరు మనుషులు అనుకుంటారేమో అని భయం పట్టుకుంది. మరి ఆ తేడా తెలుగులో ఎలా చూపించాలి?

పాత ప్రూఫురీడరు

ఆ తేడా కామాతో చూపించడం మన భాషకి లేదు శిరీషగారూ, మాటతోనే చూపించాలి. ఒక్కడే అయితే "మా ఒక్కగానొక్క తమ్ముడు రవి", చాలామంది ఉంటే "మా తమ్ముళ్ళలో రవి" లేదా "మా చిన్న తమ్ముడు రవి". చెప్పక్కర్లేకపోతే ఉత్త "మా తమ్ముడు రవి వచ్చాడు", ఎంతమంది అన్నది వాక్యానికి పట్టదు. "నా తమ్ముడు" కంటే "మా తమ్ముడు" అనండి, ఇంట్లోవాళ్ళ గురించి మనం అలాగే అంటాం.

ఇంగ్లీషులో కామాలు చేసే పనిని మనం రెండు చిన్న మాటలతో చేస్తాం, అనే, అయిన. దీనికి నాకు బాగా నచ్చే ఉదాహరణ మంత్రుల ప్రమాణస్వీకారం. రాజ్యాంగం మూడో షెడ్యూలులో ఇంగ్లీషు పాఠం నేను అని మొదలై, కామా, పేరు, మళ్ళీ కామా, ఆ తర్వాత ప్రమాణం చేస్తున్నాను అని నడుస్తుంది. తెలుగులో ప్రమాణం చేసేవాళ్ళు ఏమంటారు? "ఫలానా అనే నేను..." అంటారు. పేరు ముందుకొచ్చింది, నేను వెనక్కి వెళ్ళింది, రెండు కామాలూ పోయి ఒక "అనే" వచ్చింది. టీవీలో వింటున్న ప్రతి ఒక్కళ్ళకీ అది సహజంగానే ఉంటుంది, "నేను, ఫలానా, ప్రమాణం చేస్తున్నాను" అంటే మాత్రం ముక్కలు ముక్కలుగా ఉంటుంది.

ఇంకో కారణం ప్రత్యయాలు. "హైదరాబాద్, తెలంగాణ రాజధాని, లో ఉంటున్నాను" అని రాయలేరు, లో అన్నది గాల్లో వేలాడుతుంది. "హైదరాబాద్‌లో, తెలంగాణ రాజధానిలో" అంటే రెండు ఊళ్ళు అయిపోతాయి. "తెలంగాణ రాజధాని హైదరాబాద్‌లో" అనండి, చివర ఒక్కచోట లో పెడితే మొత్తానికి సరిపోతుంది. సబ్‌టైటిల్‌లో రెండు కామాల మధ్య ఏదైనా చిక్కుకుని కనిపిస్తే దాన్ని ఎత్తి పేరుకి ముందు పెట్టి చదివి చూడండి, పదిసార్లలో తొమ్మిదిసార్లు కుదురుతుంది.

డాలస్ శిరీష

కుదరని ఆ ఒక్కసారి ఏంటండీ? నాకు అలాంటిది నిన్ననే తగిలింది. "రవి, పదేళ్ళుగా ఆ ఊళ్ళో ఎవరూ పలకరించని మనిషి, ఆ రోజు గుడికి వచ్చాడు" అని ఉంది. దాన్ని ముందుకు లాగితే "పదేళ్ళుగా ఆ ఊళ్ళో ఎవరూ పలకరించని మనిషి అయిన రవి ఆ రోజు గుడికి వచ్చాడు" అని కోర్టు కాగితంలా అయ్యింది.

పాత ప్రూఫురీడరు

"మనిషి అయిన" తీసేయండి, "పదేళ్ళుగా ఆ ఊళ్ళో ఎవరూ పలకరించని రవి ఆ రోజు గుడికి వచ్చాడు". అది చాలు. సబ్‌టైటిల్ రెండు లైన్లకి పొడవైతే రెండు వాక్యాలు చేయండి, "రవి ఆ రోజు గుడికి వచ్చాడు. పదేళ్ళుగా ఊళ్ళో అతన్ని పలకరించినవాళ్ళు లేరు."

మాధవి టీచర్

ఈ చివరిది నేను ఒప్పుకోను. రెండు వాక్యాలు చేస్తే ఆ వాక్యంలో ఉన్న బరువు పోయింది. పేరు చెప్పి, ఆగి, ఆ మనిషి ఎవరో చెప్పి, అప్పుడు గుడికి వచ్చాడు అనడంలో ఒక అందం ఉంది. కథలు రాసేవాళ్ళు ఇప్పుడు అలా రాస్తున్నారు, పాఠకులు చదువుతున్నారు. అది కూడా తెలుగైపోయింది. మా అత్తగారు నోటితో కూడా అంటారు, "రాజమ్మ, ఆ పాలావిడ, రాత్రి వచ్చింది" అని.

పాత ప్రూఫురీడరు

మీ అత్తగారి వాక్యం నిజమే మేడమ్, నోటితో అంటాం, గుర్తు చేయడానికి, వినేవాళ్ళకి రాజమ్మ ఎవరో తట్టలేదేమో అని మధ్యలో చెప్తాం. "రాజమ్మ వచ్చింది, ఆ పాలావిడ" అని చివర్లో కూడా అంటాం. అక్కడ కామాలు పెట్టాల్సిందే. చిన్న ముక్కైతే నాకూ అభ్యంతరం లేదు. పొడుగుదాన్ని రెండు కామాల మధ్య పెడితే క్రియ దాకా వచ్చేసరికి పేరు మర్చిపోతామని నా బాధ. మీకు అందంగా తోచింది నాకు అడ్డంగా తోస్తోంది, దీన్ని ఇద్దరం ఇలాగే ఉంచుదాం.

సిద్దిపేట సత్తి

నాకొకటి యాదికొచ్చింది. వేమన పద్యం ఆఖరు లైను, విశ్వదాభిరామ వినుర వేమ. దీంట్ల దీర్ఘం లేదు కామా లేదు, అయినా పిలుపే గదా? మరి ఎవరిని పిలుస్తున్నట్టు?

మాధవి టీచర్

పాత తాళపత్రాల్లో కామాలు ఎక్కడివి బాబూ, అచ్చు వచ్చాక ఇంగ్లీషు పుస్తకాలని చూసి వచ్చినవే ఇవన్నీ. పద్యంలో యతి, పాదం ఎక్కడ ఆగాలో చెప్పేస్తాయి. ఛందస్సు కోసం వేమా అన్నది వేమ అయ్యింది.

పాత ప్రూఫురీడరు

సత్తి గారూ, "వినుర వేమ" వరకు ఇబ్బంది లేదు, వేమా, విను అని. తనని తానే పిలుచుకుంటున్నాడు, లేదా వేమన్నకి ఇంకొకరు చెప్తున్నట్టు పెట్టుకున్నాడు. చిక్కంతా "విశ్వదాభిరామ" దగ్గర. కొందరు అది వేమనకే ఇంకో పేరులాంటి విశేషణం అంటారు, అంటే ఒకే మనిషికి రెండు పిలుపులు. కొందరు దేవుణ్ణి అంటారు. ఇంకొందరు విశ్వద ఒకరు, అభిరాముడు ఇంకొకరు, వేమనకి సాయం చేసిన మనుషులు అని కథ చెప్తారు, అప్పుడు ముగ్గురు అవుతారు. బ్రౌన్ దొర 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించిన దగ్గర్నుంచీ ఎన్ని సార్లు అచ్చయ్యాయో, ఆ లైనులో కామా పెట్టేవాడు ఈ మూడింట్లో ఒకటి ఎంచుకున్నట్టే. నేను దిద్దేటప్పుడు అక్కడ ఏమీ పెట్టకుండా వదిలేసేవాణ్ణి.

దాశరథీ శతకం మకుటం చూస్తే మాత్రం అనుమానం ఉండదు. "దాశరథీ కరుణాపయోనిధీ." రెండూ రాముడే, రెండింటికీ దీర్ఘం. పేరుని పిలిచి, ఆ పేరుకి పక్కనే ఇంకో గుర్తింపు చెప్పి, దాన్నీ పిలిచాడు గోపన్న. ఇద్దరు మనుషులని ఎవరూ అనుకోరు. చాలా పుస్తకాల్లో రెండు చోట్లా ఆశ్చర్యార్థకం పెడతారు, మాధవి మేడమ్ పద్ధతి.

సిద్దిపేట సత్తి

అంటే మా అమ్మ "మహేషూ కొడుకా" అన్నట్టే గదా సార్. రెండూ నేనే, రెండు దిక్కుల సాగదీస్తది.

పాత ప్రూఫురీడరు

అచ్చంగా అదే.

పద్మజ కాకినాడ

నిన్న పుస్తకం దిద్దేశాను. సురేష్ గారి టిక్ కొట్టేసి పక్కన సంతకం చేశాను, కిరణ్ గారి దగ్గర కట్టిన తారీఖు వేసి టిక్ పెట్టాను. కిరణ్ గారింటికి నేనూ పిన్నిగారూ ఇద్దరం వెళ్ళి మాట్లాడాం, కాఫీ ఇచ్చారు, మనసులో ఏం పెట్టుకోలేదన్నారు. సురేష్ గారు సాయంత్రం 5,000 తెచ్చి ఇచ్చారు.

ఇందాక పిన్నిగారు గ్రూపులో పెట్టిన మెసేజ్ ఇది: "పద్మజా, సురేష్ గారు కట్టేశారు."

నరసింగ్ రావ్ 58

ఇప్పుడు 5,000ల కామా సరిగ పెట్టినవమ్మా.